పోయిన సరుకు ఎవరిది?

2025 మే 24న కొచ్చి తీరానికి కొంత దూరంలో ఎంఎస్‌సి ఎల్సా 3 అనే కంటైనర్ ఓడ ఒక పక్కకు ఒరిగింది. మర్నాడు పొద్దున్నే మునిగిపోయింది. విళింజం రేవు నుంచి కొచ్చికి బయల్దేరిన ఆ ఓడలో ఉన్న 24 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. దాని మీదున్న కంటైనర్లు 640. కొన్ని ఓడతో పాటు అడుగుకు చేరాయి, కొన్ని తేలుతూ కేరళ తీరానికి కొట్టుకొచ్చాయి. జీడిపప్పు దిగుమతిదారులు కేరళ హైకోర్టుకు వెళ్లి, అదే కంపెనీకి చెందిన మరో ఓడను నిలుపుదల చేయించారు.

ఓడ మునిగితే కంటైనర్‌లో ఏముందని మనం అడుగుతాం. బీమా కంపెనీ క్లెయిమ్స్ విభాగం ముందుగా అడిగేది వేరు: ఓడ మునిగే వేళకు ఆ సరుకు పోతే ఎవరి డబ్బు పోయినట్టు? అమ్మినవాడిదా, కొన్నవాడిదా, అప్పిచ్చిన బ్యాంకుదా? మెరైన్ కార్గో బీమాలో ఇన్సూరబుల్ ఇంటరెస్ట్, సబ్రోగేషన్, కాంట్రిబ్యూషన్ అని మూడు సూత్రాలున్నాయి. పాలసీ కాగితం మీద ఇవి విడివిడిగా కనిపిస్తాయి గానీ మూడింటికీ వేరు ఈ ఒక్క ప్రశ్నే. ఎగుమతిదారుకు దీని జవాబు సరుకు కదిలే ప్రతి మజిలీలోనూ మారుతుంది. క్లెయిములు ఎక్కువగా తిరగబడేది కూడా ఇక్కడే.

గుంటూరు మిర్చి ఎగుమతిదారు ఒకాయనను ఊహించుకుందాం. మలేసియాలోని పోర్ట్ క్లాంగ్ వ్యాపారికి 14 టన్నుల ఎండుమిర్చి అమ్మాడు. గోనె బస్తాలు కోల్డ్ స్టోరేజీ నుంచి లారీలో చెన్నై వెళ్లాలి, అక్కడ కంటైనర్‌లో సర్ది ఓడ ఎక్కించాలి. బేరం ఎఫ్ఓబీ చెన్నై. ఓడ కిరాయి, సముద్రం మీది బీమా కొనేవాడివి. ‘మనం రేవుకు చేర్చేస్తే చాలు’ అని మన ఎగుమతిదారు బీమా మాటే తలపెట్టలేదు.

చిక్కు ఆ ‘రేవుకు చేర్చేస్తే’ దగ్గరే ఉంది. ఎఫ్ఓబీ బేరంలో నష్టభారం అమ్మినవాడి నుంచి కొన్నవాడికి మారేది రేవు గేటు దగ్గర కాదు, సరుకు ఓడ మీదికి ఎక్కినప్పుడు. కంటైనర్ మాత్రం ఓడ రావడానికి రోజుల ముందే యార్డులోకి వెళ్లిపోతుంది. 2023 డిసెంబర్ మొదట్లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటకముందు చెన్నైని ముంచెత్తింది. అలాంటి వాన కురిసి, యార్డులో అట్టడుగు వరుసలో ఉన్న కంటైనర్‌లోకి నీళ్లొచ్చి మిర్చి తడిసిందనుకుందాం. కొన్నవాడి పాలసీలో ‘గోదాము నుంచి గోదాము దాకా’ అని రాసి ఉన్నా అది ఇక్కడ పనికిరాదు. ఆ రోజుకు మిర్చి పోతే పోయేది కొన్నవాడి డబ్బు కాదు కాబట్టి, అతనికి ఇన్సూరబుల్ ఇంటరెస్ట్ ఇంకా పుట్టలేదు. పోయింది మన ఎగుమతిదారు డబ్బు. ఆయనకేమో పాలసీయే లేదు. కంటైనర్ సరుకుకు ఎఫ్ఓబీ బదులు ఎఫ్‌సీఏ షరతు వాడమని ఇంటర్నేషనల్ చాంబర్ ఆఫ్ కామర్స్ తన ఇంకోటర్మ్స్‌లో చెబుతున్నది ఇందుకే. ఎఫ్‌సీఏలో సరుకును ఒప్పుకున్న చోట ఓడ కంపెనీ మనిషికి అప్పగించగానే నష్టభారం మారుతుంది. అయినా మన వ్యాపారులు అలవాటు కొద్దీ ఎఫ్ఓబీ అనే రాస్తున్నారు. మార్చుకోవడానికి పైసా ఖర్చు లేని అలవాటు ఇది.

ఈ తగాదా ఇవాళ్టిది కాదు. 1870లలో లండన్ వ్యాపారి ఒకరు రంగూన్ నుంచి ‘సన్‌బీమ్’ అనే ఓడలో రావాల్సిన బియ్యం మొత్తాన్ని కొని బీమా చేయించాడు. మన కోస్తా జనం తరతరాలుగా వలస వెళ్లిన ఆ రంగూన్ రేవులోనే, 8,000కు పైగా బస్తాలు ఎక్కించాక, మరో 400 దాకా బస్తాలు పక్కన పడవల్లో ఉండగా ఓడ మునిగింది. కొన్నవాడు బీమా డబ్బు అడిగాడు. బేరం ఓడ నిండా సరుకుకు కుదిరింది, ఓడ ఇంకా నిండలేదు, కాబట్టి నష్టభారం ఇంకా అమ్మినవాడిదే, కొన్నవాడికి ఆ బియ్యంలో బీమా చేయదగిన ఇంటరెస్ట్ లేదు అన్నది కింది కోర్టు నిర్ణయం. 1876లో హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో జడ్జీలు సరిసమానంగా చీలిపోవడంతో అదే నిలిచింది. ఎక్కించాల్సిన ఆ నాలుగు వందల బస్తాలు ఎక్కించిన ఎనిమిది వేల బస్తాల క్లెయిమును ముంచేశాయి.

మన దేశంలో ఈ నియమాలు 1963 నాటి మెరైన్ ఇన్సూరెన్స్ చట్టంలో ఉన్నాయి. సరుకు క్షేమంగా చేరితే లాభపడేవాడు, పాడైతే నష్టపోయేవాడు, దానితో చట్టబద్ధమైన సంబంధం ఉన్నవాడు ఇన్సూరబుల్ ఇంటరెస్ట్ ఉన్నవాడు. అగ్ని బీమాకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. మెరైన్‌లో పాలసీ తీసుకునేనాటికి ఇంటరెస్ట్ లేకపోయినా పరవాలేదు, నష్టం జరిగేనాటికి ఉంటే చాలు. రేపు కొనబోయే సరుకుకు ఈ రోజే ఓపెన్ పాలసీ తీసుకోగలగడం, సముద్రం మీదున్న సరుకు చేతులు మారినా పాలసీ వెంట నడవడం ఈ వెసులుబాటు వల్లే. దీనికొక కంచె కూడా చట్టంలోనే ఉంది. నష్టం జరిగేనాటికి ఇంటరెస్ట్ లేనివాడు, నష్టం సంగతి తెలిశాక ఏదో కాగితం సృష్టించి ఇంటరెస్ట్ తెచ్చుకోలేడు. వార్త విన్నాక ఇన్వాయిస్ మీద ఎఫ్ఓబీని సీఐఎఫ్‌గా దిద్దితే పని జరగదు. పైగా అది మోసం కిందికి వస్తుంది.

సీఐఎఫ్ బేరమైతే దారి వేరు. కిరాయీ బీమా రెండూ అమ్మినవాడే కడతాడు. ఇంకోటర్మ్స్ 2020 ప్రకారం బేరం విలువకు కనీసం 110 శాతం బీమా ఉండాలి. ఆ పై పది శాతం కొన్నవాడికి రాగల లాభం కోసం. నష్టభారం ఇక్కడా సరుకు ఓడ ఎక్కగానే కొన్నవాడికి మారుతుంది, పాలసీ మాత్రం అమ్మినవాడి పేరున ఉంటుంది. అందుకే పాలసీ వెనక సంతకం చేసి, బిల్ ఆఫ్ లేడింగ్‌తో పాటు బ్యాంకు ద్వారా పంపుతారు. ఆ సంతకంతో క్లెయిమ్ హక్కు కాగితం ఎవరి చేతిలో ఉంటే వారికి వెళుతుంది. మెరైన్ పాలసీని నష్టం జరిగాక కూడా ఇలా బదిలీ చేయవచ్చు. వెనక సంతకం మరిచి పంపిన పాలసీ వల్ల పోర్ట్ క్లాంగ్‌లో క్లెయిమ్ వారాల తరబడి ఆగిపోతుంది.

ఎఫ్ఓబీ ఎగుమతిదారుకు ఇంకో గండం ఉంది. సరుకు ఓడ ఎక్కింది, నష్టభారం కొన్నవాడికి వెళ్లింది, డబ్బు ఇంకా రాలేదు. దారిలో సరుకు పాడైంది. కొన్నవాడు డాక్యుమెంట్లు విడిపించుకోకుండా ముఖం చాటేశాడు. అతని పాలసీ అతని చేతిలోనే ఉంది, దాని మీద మనవాడికి హక్కు లేదు. డబ్బు అందని అమ్మకందారుగా దారిలో సరుకును ఆపే హక్కు ఉన్నా, పాడైన మిర్చిని ఆపి చేసేదేముంది? ఈ సందు పూడ్చడానికే సెల్లర్స్ కంటింజెన్సీ అనే కవర్ ఉంది. షరతులకు లోబడిన ఇంటరెస్టుకు కూడా బీమా చేయించవచ్చని చట్టం ఒప్పుకుంటుంది. ఈ కవర్ ఉన్నట్టు కొన్నవాడికి చెప్పకూడదు, అతనికి బదిలీ చేయకూడదు. బీమాలో చెప్పిన ప్రమాదం వల్ల సరుకు పాడై, కొన్నవాడు డబ్బు ఇవ్వనప్పుడే ఇది పలుకుతుంది. సరుకు బాగానే ఉండి కొన్నవాడు ఎగ్గొడితే అది ఈసీజీసీ వంటి ఎగుమతి రుణ బీమా వ్యవహారం. ఈ రెండింటినీ ఒకటే అనుకుని ఒకటి తీసుకుని ఊరుకునేవారున్నారు.

ఇక కాంట్రిబ్యూషన్. ఇది చిన్న సంగతే గానీ అర్థం చేసుకోకపోతే గందరగోళపడతారు. మన ఎగుమతిదారు బుద్ధి తెచ్చుకుని రెండో బేరం సీఐఎఫ్‌గా కుదుర్చుకున్నాడు. ఇన్వాయిస్ విలువ 30 లక్షలు, గుంటూరు గోదాము నుంచి మొదలయ్యేలా 33 లక్షలకు తన ఓపెన్ పాలసీ కింద డిక్లేర్ చేశాడు. లారీ మాట్లాడిన బుకింగ్ ఏజెంటు కూడా చెన్నై దాకా ఒక ట్రిప్ పాలసీ ఆయన పేరునే మరో కంపెనీలో 22 లక్షలకు తీశాడు. ఒంగోలు దాటాక లారీ బోల్తా పడి మంటలంటుకుంది, మిర్చి మొత్తం బూడిదైంది.

రెండు పాలసీల మొత్తం 55 లక్షలు. నష్టం 33 లక్షలు. మనవాడికి రెండూ కలిపి 55 లక్షలు రావు. బీమా ఉన్నది నష్టం పూడ్చడానికి, లాభం ఇవ్వడానికి కాదు. అయితే ముందు ఏ కంపెనీ దగ్గరికి వెళ్లాలన్నది ఆయన ఇష్టం. ఓపెన్ పాలసీ కంపెనీని మొత్తం 33 లక్షలూ అడగవచ్చు. కట్టాక ఆ కంపెనీ రెండోదాన్ని తన వాటా అడుగుతుంది. 33కూ 22కూ ఉన్న దామాషా లెక్కన నష్టంలో మొదటిదానికి 19.8 లక్షలు, రెండోదానికి 13.2 లక్షలు పడతాయి. ఆ తగవు కంపెనీలు తమలో తాము తేల్చుకోవాలి. కొన్ని పాలసీలలో మాత్రం ‘వేరే బీమా ఉంటే మా వాటా మేరకే ఇస్తాం’ అన్న షరతు ఉంటుంది. అప్పుడు ఆయనే రెండు చోట్లా క్లెయిమ్ పెట్టుకోవాలి. ఏది ఉన్నా రెండో పాలసీ సంగతి దాచకూడదు.

లారీ యజమానికి కూడా ఒక బీమా ఉంటుంది కదా, అతని కంపెనీ కూడా వాటా కట్టాలా? అక్కర్లేదు. కాంట్రిబ్యూషన్ రావాలంటే రెండు పాలసీలూ ఒకే మనిషికున్న ఒకే ఇంటరెస్టును కాపాడాలి. సరుకు ఒకటే అయితే చాలదు. 1877లో లండన్‌లో కింగ్ అండ్ క్వీన్ గ్రానరీస్ అనే ధాన్యపు గోదాములు తగలబడ్డ కేసులో ఈ సంగతి తేలింది. ధాన్యం యజమాని తన ధాన్యానికి బీమా చేసుకున్నాడు, అది నిలవ చేసిన గోదాము వ్యాపారి కూడా చేసుకున్నాడు. ఆ వ్యాపారంలో ఆచారం ప్రకారం నష్టం గోదాము వ్యాపారిదే. ఇద్దరి ఇంటరెస్టులు వేరు కాబట్టి వాటాల ప్రసక్తి లేదని, మొత్తం భారం గోదాము వ్యాపారి బీమా కంపెనీదేనని కోర్టు చెప్పింది. మన కథలో లారీ యజమాని నుంచి రావాల్సింది కూడా వాటాగా రాదు, బాధ్యతగా వస్తుంది. అక్కడ మొదలయ్యేది సబ్రోగేషన్.

బీమా కంపెనీ నష్టం కట్టాక, ఆ నష్టానికి కారణమైనవాడి మీద ఎగుమతిదారుకున్న హక్కులన్నీ కంపెనీకి సంక్రమిస్తాయి. కంపెనీకి సొంతంగా కొత్త హక్కేమీ రాదు, ఎగుమతిదారుకు ఉన్నదే చేతులు మారుతుంది. అందువల్ల ఎగుమతిదారు తన హక్కును ముందే పాడు చేసుకుంటే కంపెనీకి చేరేది ఆ పాడైన హక్కే. అప్పుడు ఆ మేరకు క్లెయిమ్‌లో కోత పెట్టడానికి కంపెనీకి దారి దొరుకుతుంది.

ఎలా పాడవుతుందో పోర్ట్ క్లాంగ్‌లో చూద్దాం. మూడో కంటైనర్ అక్కడి గోదాముకు చేరింది. తలుపు తీయగానే ముక్కిన వాసన. పై వరుస బస్తాల మీద నల్లటి మరకలు. కూలీలు గబగబా దింపేశారు, గోదాము మనిషి డెలివరీ కాగితం మీద ‘సరుకు సక్రమంగా అందింది’ అని సంతకం పెట్టాడు. రెండు వారాల తరువాత సర్వేయర్ వచ్చేసరికి ఖాళీ కంటైనర్ ఓడ కంపెనీకి తిరిగి వెళ్లిపోయింది. బీమా కంపెనీ క్లెయిమ్ కట్టినా, ఆ సంతకం చూపించి ఓడ కంపెనీ చేతులు దులుపుకుంటుంది.

జరగాల్సింది వేరు. మరక కనబడగానే దింపడం ఆపి, డెలివరీ కాగితం మీదే ‘పై బస్తాలు తడిసి ఉన్నాయి’ అని రాయాలి. సర్వేయర్ మొదట ఖాళీ కంటైనర్‌లోకి వెళ్లి తలుపులు మూయిస్తాడు. చీకట్లో పైకప్పు నుంచి సూదిమొనంత వెలుగు కనిపించినా అక్కడ చిల్లు ఉన్నట్టే. తరువాత తడిసిన గోనె మీద సిల్వర్ నైట్రేట్ ద్రావణం చుక్క వేస్తాడు. తెల్లగా పాలలా విరిగితే అందులో ఉప్పు ఉంది, సముద్రపు నీరు లోపలికి వచ్చి ఉండవచ్చు. విరగకపోతే అది వాన నీరో, కంటైనర్ లోపల ఆవిరి పేరుకుని పైకప్పు నుంచి కారిన నీరో. ఈ ఒక్క చుక్కతో దోషి మారిపోతాడు. చిల్లున్న కంటైనర్ ఇచ్చిన ఓడ కంపెనీని అడగవచ్చు. తేమ ఎక్కువున్న మిర్చిని నింపడం వల్ల పట్టిన చెమ్మ అయితే ఓడ కంపెనీ మీద చెప్పుకోవడానికి ఏమీ ఉండదు, సరుకు స్వభావం వల్లే పాడైందని బీమా కంపెనీ కూడా కాదనవచ్చు. గుంటూరులో సరుకు నింపే ముందు కంటైనర్‌లో నిలబడి తలుపులు మూయించి చూసిన ఫోటోలు, తేమ శాతం రిపోర్టు ఆ రోజు అక్కరకొస్తాయి.

ఓడ కంపెనీ మీద హక్కుకు గడువులున్నాయి. మన రేవుల నుంచి వెళ్లే సరుకుకు వర్తించే క్యారేజ్ ఆఫ్ గూడ్స్ బై సీ చట్టాన్ని (పాత 1925 చట్టం స్థానంలో 2025లో కొత్తది వచ్చింది) బట్టి పైకి కనబడే నష్టాన్ని సరుకు అందుకునేటప్పుడే, కనబడనిదాన్ని మూడు రోజుల లోపు రాతపూర్వకంగా తెలపాలి. దావా ఒక ఏడాదిలోగా వేయాలి. బీమా క్లెయిమే ఎనిమిది, పది నెలలు నడిస్తే సబ్రోగేషన్‌కు మిగిలేది కొద్ది వారాలే. తెలిసిన ఎగుమతిదారు క్లెయిమ్ ఫారంతో పాటు ఓడ కంపెనీకి రాసిన నోటీసు నకలు జతచేస్తాడు, గడువు పొడిగింపు కూడా ముందే రాయించుకుంటాడు.

లారీ దగ్గర ఉచ్చు ఇంకో రకం. క్యారేజ్ బై రోడ్ చట్టం ప్రకారం బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల లోపు నోటీసు ఇవ్వకపోతే దావాకు దారి మూసుకుపోతుంది. సరుకు విలువ ముందే చెప్పి ఎక్కువ రేటు కట్టకపోతే లారీ కంపెనీ బాధ్యత సాధారణంగా కిరాయికి పది రెట్ల దాకానే. కిరాయి 35,000 అయితే మూడున్నర లక్షలు. అందుకే ప్రమాదం జరిగిన వారంలోనే లారీ యజమాని వచ్చి, ‘రెండు లక్షలిస్తాను, దీంతో అంతా తీరిపోయిందని సంతకం పెట్టండి’ అంటాడు. బీమా డబ్బు ఎలాగూ వస్తుంది కదా అని ఎగుమతిదారు సంతకం పెడితే, కంపెనీకి సంక్రమించాల్సిన హక్కును తానే అమ్మేసుకున్నట్టు.

కంపెనీ వసూలు చేసుకోగలిగేదానికీ హద్దుంది. 1945లో ‘బ్లెయిర్‌నెవిస్’ అనే ఓడ కెనడా యుద్ధనౌక ఢీకొని పోయింది. బీమా కంపెనీ 72,000 పౌండ్లు కట్టింది. ఆ తరువాత ఓడ యజమాని కెనడా ప్రభుత్వం మీద గెలిచి డాలర్లలో పరిహారం పొందాడు. ఈ లోపు 1949లో పౌండు విలువ తగ్గించడంతో అది పౌండ్లలో లక్షా ఇరవై ఏడు వేల దాకా అయింది. మొత్తం తమదేనంది బీమా కంపెనీ. మీరు కట్టిన 72,000 వరకే మీకు హక్కు, మిగతాది యజమానిదే అని 1961లో కోర్టు చెప్పింది. అది ఓడ కేసు అయినా సూత్రం సరుకుకూ అంతే.

మన ఎగుమతిదారు చివర జాగ్రత్తగా చదవాల్సింది, క్లెయిమ్ చెక్కుతో పాటు సంతకానికి వచ్చే కాగితాన్ని. 2010లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, చరణ్ స్పిన్నింగ్ మిల్స్ అనే నూలు మిల్లుకూ ఎకనామిక్ ట్రాన్స్‌పోర్ట్ ఆర్గనైజేషన్‌కూ మధ్య నడిచిన కేసులో దీన్ని విడమరిచింది. లారీ ప్రమాదంలో నూలు పాడైతే బీమా కంపెనీ సుమారు 4.47 లక్షలు కట్టి, మిల్లుతో కలిసి రవాణా సంస్థ మీద వినియోగదారుల ఫోరానికి వెళ్లింది. ఉత్త సబ్రోగేషన్ లేఖ అయితే హక్కు మూలం మిల్లు దగ్గరే ఉంటుంది, కంపెనీ మిల్లు పేరున గానీ మిల్లుతో కలిసి గానీ ఫిర్యాదు చేయవచ్చని కోర్టు చెప్పింది. లేఖలో సబ్రోగేషన్‌తో పాటు అసైన్‌మెంట్ కూడా ఉంటే హక్కే పూర్తిగా కంపెనీకి రాసిచ్చినట్టు.

ఈ తేడా డబ్బులో ఎంతంటే: నష్టం 10 లక్షలు, ఎక్సెస్ వగైరా తీసి కంపెనీ 8 లక్షలు కట్టింది, తరువాత రవాణాదారు నుంచి 5 లక్షలు వచ్చాయనుకుందాం. ఉత్త సబ్రోగేషన్ కింద ఎగుమతిదారు తనకు పూడని 2 లక్షలు ముందు తీసుకుంటాడు, మిగిలిన 3 లక్షలు కంపెనీకి వెళతాయి. అసైన్‌మెంట్ కూడా రాసిచ్చి ఉంటే, కాగితంలో వేరే మాట లేనంత వరకు, 5 లక్షలూ కంపెనీవే.